ఒక్కడి తూకం

2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ, యూఎస్‌సీ–లాస్ ఏంజెలెస్ టైమ్స్ సర్వేలో ఇల్లినాయికి చెందిన 19 ఏళ్ల నల్లజాతి యువకుడి జవాబుకు సగటు కంటే 30 రెట్ల వరకు తూకం పడింది. ఇలా తూకాలు కట్టే రేకింగ్ పద్ధతిలో నమూనాను వయసు, జాతి, గత ఓటు వాటాలకు ఒకదాని తర్వాత ఒకటిగా, అన్నీ కుదిరేదాకా సరిపెడతారు. వర్గాలను మరీ సన్నగా చీలిస్తే గుణకాలన్నీ అరుదైన మనిషి మీదే పేరుకుంటాయి.

100 మందిలో ఒకరికి 30, మిగతావారికి 1 చొప్పున తూకం ఇద్దాం. తూకాల మొత్తం 129. దాని వర్గాన్ని, విడి తూకాల వర్గాల మొత్తమైన 999తో భాగిస్తే దాదాపు 17. వంద మందిని అడిగినా దక్కేది పదిహేడు మంది పాటి నిలకడే. అంచనా విస్తృతి ఆరు రెట్లవుతుంది. వాటాలు జనాభాతో అచ్చంగా సరిపోయినంత మాత్రాన ఈ నష్టం బయటపడదు. తూకాలకు పైహద్దు పెడితే కొంత పక్షపాతం మిగలొచ్చు, అయినా అదే మేలు. సర్వే ప్రచురించేవారు ఆ పదిహేడునూ అచ్చువేయాలి.