ఖాతా తీసేస్తే డ్రాఫ్టులు పోవు

“అతని అకౌంట్ డిలీట్ చేసేశాం, ఇక డ్రాఫ్టుల గొడవ లేదు” అని వెబ్ పత్రికల ఆఫీసుల్లో ధీమాగా అనేస్తుంటారు. ప్రచురించినవి మిగులుతాయి, ప్రచురించనివి మనిషితోపాటే పోతాయన్నది వాళ్ల నమ్మకం. అది పూర్తిగా తప్పు. ఎన్నో పత్రికలు వాడే వర్డ్‌ప్రెస్‌లోనే చూడండి.

అక్కడ డ్రాఫ్టులకు వేరే చోటు లేదు. అందరూ చదివేసిన కథనమైనా, సగంలో ఆపేసిందైనా, రేపటికి షెడ్యూల్ చేసిందైనా `wp_posts` అనే ఒకే పట్టికలో ఉంటుంది. తేడా అంతా ఒక్క గడిలో: `publish`, `draft`, `future`.

ఒక ఫ్రీలాన్స్ విలేఖరి మానేశాడనుకుందాం. అతని పేరిట పాత కథనాలతోపాటు రెండు డ్రాఫ్టులు, ఆదివారం ఉదయం 6 గంటలకు షెడ్యూల్ చేసిన కథనం ఒకటి ఉన్నాయి. శుక్రవారం ఖాతా తీసేయబోయిన అడ్మిన్‌ను వర్డ్‌ప్రెస్ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటుంది: `Delete all content`, `Attribute all content to`. పాత కథనాలు పోతాయన్న భయంతో అడ్మిన్ రెండోది ఎంచుకుని సబ్‌ఎడిటర్ పేరు పెడతాడు. దాంతో అన్నింటికీ రచయిత మారతాడు. డ్రాఫ్టు డ్రాఫ్టుగానే, షెడ్యూలు షెడ్యూలుగానే ఉండిపోతాయి. ఆదివారం 6 దాటాక సైట్‌కు ఎవరైనా రాగానే ఆ కథనం సబ్‌ఎడిటర్ పేరుతో బయటికొస్తుంది.

పోనీ, మొదటిది ఎంచుకుంటే? షెడ్యూలు ఆగుతుంది. కానీ మామూలు సెట్టింగుల్లో అవన్నీ ముందు ట్రాష్‌లోకే వెళ్తాయి, 30 రోజులు అక్కడే ఉంటాయి. అంతకుముందు తీసిన బ్యాకప్‌లలో ఆ తర్వాత కూడా ఉంటాయి.

“మా సైట్‌లో రాసింది మాదే కదా” అనేవాళ్లున్నారు. ఫ్రీలాన్సర్ విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే ఆ మాట చెల్లదు. ఉద్యోగి విషయంలో కాపీరైట్ పత్రికదే అయినా, పేరు మార్చే హక్కు దాంతో రాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, కాపీరైట్ ఇంకొకరికి రాసిచ్చేసినా ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. పైగా డ్రాఫ్టులో ఇంకా నిర్ధారించుకోని ఆరోపణలుంటాయి, పేరు బయటపెట్టొద్దని చెప్పినవాళ్ల పేర్లుంటాయి. వాటిని చూడకుండా ఇంకొకరి చేతిలో పెట్టడం బాధ్యతారాహిత్యం.

కాబట్టి వరుస మార్చాలి: ముందు రాతల సంగతి, తర్వాతే ఖాతా. ఖాతా ఉండగానే రచయిత తన డ్రాఫ్టులు, షెడ్యూల్ చేసినవి ఒక్కొక్కటీ తెరిచి, అప్పగించాల్సినవి అప్పగించాలి. మిగిలినవి ట్రాష్‌లో వేసి, అక్కడ `Delete Permanently` నొక్కాలి. వాటి పాత రివిజన్లూ అప్పుడే పోతాయి. పాత బ్యాకప్‌లు ఎన్నాళ్లుంచుతారో ఆఫీసు అతనికి రాతపూర్వకంగా చెప్పాలి. ఇవేవీ చేయకుండా ఖాతా తీసేసిన ఆఫీసు “అతని డ్రాఫ్టులు చెరిపేశాం” అంటే అది అబద్ధం.