గ్రామసభ మినిట్స్‌లో ఊహించిన పేర్లు వద్దు

జిల్లా పంచాయతీ అధికారి గారికి,

మా గ్రామసభ ఆడియో రాతప్రతిని, దాని నుంచి తయారైన మినిట్స్‌ను పక్కపక్కన పెట్టి చదివాను. 14వ నిమిషంలో మురుగు కాలువ చర్చకు రాగానే పలువురు ఒక్కసారే అందుకున్నారు. రాతప్రతిలో అక్కడ ఉన్నది ఒకే వరుస: “కాలువ ముందు బడి దగ్గర లైట్లు వద్దు ఆగండి”. మినిట్స్‌లో అది ‘వీధి దీపాలు వద్దని మహిళా సంఘం అధ్యక్షురాలు అభ్యంతరం తెలిపారు’ అయింది.

ఆడియో వింటే, కాలువ ముందన్నది ఒక గొంతు, లైట్లు అడిగింది ఇంకో గొంతు. “వద్దు, ఆగండి” అన్నదెవరో తేలదు. పక్కవాళ్లను ఆపడానికే అన్నారేమో! బల్ల మీద ఒక్క ఫోన్ పెడితే దగ్గరి గొంతే పైకొస్తుంది, వెనక వరుసల మాట అణిగిపోతుంది. వాక్యం మధ్యలో విషయం మారితే రెండు గొంతులు కలిశాయేమోనని ఆడియో మళ్లీ వినాలి.

అక్కడ రాయాల్సింది ఇంతే: ‘పలువురు ఒకేసారి మాట్లాడారు. కాలువ, బడి దగ్గర లైట్లు ప్రస్తావనకు వచ్చాయి. “వద్దు” అని వినిపించింది. ఎవరు, దేని గురించి అన్నారో స్పష్టం కాలేదు.’ సర్పంచ్ పేరు పెట్టి పిలిచాక మాట్లాడినవారికే పేరు రాయాలి. సర్పంచ్ జవాబును బట్టి అడిగినవారెవరో ఊహించకూడదు.

మహిళా సంఘం అధ్యక్షురాలు అన్నారని తేలని అభ్యంతరం ఈరోజు ఆమె పేరు మీద రికార్డులో ఉంది. వచ్చే సభలోపు ఆ వరుసను సరిదిద్దించండి. అప్పటిదాకా ఆడియోను చెరిపేయకుండా కార్యదర్శికి ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక గ్రామస్థుడు