గ్రహణం ఏ ఊరిది?

2025 సెప్టెంబర్ 7న చంద్రగ్రహణం. తిరుమల ఆలయం మధ్యాహ్నం మూడున్నర నుంచి మర్నాడు తెల్లవారుజామున మూడింటి దాకా మూసి ఉంటుందని టీటీడీ ప్రకటించింది. ఆ ప్రకటన డాలస్ వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చేసింది. వెనకాలే ప్రశ్నలు. మన గుడి ఎన్నింటికి మూస్తారు? భోజనం ఎన్నింటిలోపు కానిచ్చెయ్యాలి?

అసలు సంగతి ఏమిటంటే, ఆ గ్రహణం పట్టేసరికి డాలస్‌లో ఉదయం పదకొండున్నర. విడిచేసరికి మధ్యాహ్నం మూడు. చంద్రుడు ఆకాశంలోనే లేడు. కనపడని గ్రహణానికి పట్టింపు లేదని మన పంచాంగకర్తలే చెబుతారు. ఆ రోజు ఇక్కడి గుడి పెట్టాల్సిన నోటీసు ఒక్క వాక్యం: "ఈ గ్రహణం మన ఊళ్ళో కనపడదు, దర్శనాలు మామూలే."

అదే ఏడాది మార్చిలో సరిగ్గా దీనికి తిరగబడిన గ్రహణం వచ్చింది. అప్పుడు ఇండియాలో పట్టపగలు, మనకి అర్ధరాత్రి. ఇండియా నుంచి ఫార్వర్డులు రావు కదా, చాలామందికి గ్రహణం ఉన్నట్టే తెలియలేదు. గుడి మూయాల్సింది మాత్రం అప్పుడే.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. డాలస్‌లో పట్టు రాత్రి 12:09కి, విడుపు 3:47కి. తిరుమల సెప్టెంబర్‌లో పాటించిన పద్ధతి చూస్తే, పట్టు 9:50కి అని చెప్పి మూడున్నరకే తలుపులు వేశారు. అంటే ఆరు గంటలకు కాస్త ముందు. అదే పద్ధతిలో మనం వెనక్కి లెక్కిస్తే సాయంత్రం ఆరు కాకముందే మూసెయ్యాలి. గురువారం ఆఫీసు నుంచి నేరుగా గుడికి వచ్చేవాళ్ళు చేరే సమయం అది. కాబట్టి నోటీసులో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది పట్టు సమయం కాదు, "గురువారం సాయంత్రం ఆఖరి దర్శనం ఐదున్నర, ఏకాంత సేవ ముందుకు జరిగింది" అన్న మాట. భోజనానికి మూడు యామాలు, అంటే సుమారు తొమ్మిది గంటల ముందు నుంచి నియమం పాటించేవాళ్ళున్నారు. అది వేరే లెక్క. రెంటినీ ఒకే వాక్యంలో కలిపితే గుడి మధ్యాహ్నం మూడింటికే మూస్తారనుకుంటారు.

ఇక్కడ తేదీతో ఇంకో చిక్కు. రాత్రి 12:09 అంటే క్యాలెండర్ ప్రకారం 14వ తేదీ, శుక్రవారం. "14న గ్రహణం, గుడి మూసివేత" అని రాస్తే చదివినవాళ్ళు శుక్రవారం సాయంత్రం అనుకుంటారు, గురువారం వచ్చి తాళం చూసి వెళ్తారు. "గురువారం అర్ధరాత్రి దాటాక" అని రాస్తే ఈ గొడవ ఉండదు.

ఇక నోటీసు తయారుచేసే వాలంటీర్లు (ఎక్కువమంది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళే) పడే పెద్ద గొయ్యి ఒకటుంది. ఖగోళ వెబ్‌సైట్లలో మొదటి వరుసలో కనిపించేది ఉపచ్ఛాయ మొదలయ్యే సమయం. ఆ మార్చి గ్రహణానికి అది రాత్రి 10:57. అప్పుడు చంద్రుడు మామూలుగానే ఉంటాడు, కాస్త మసకబారినా కంటికి తెలియదు. పంచాంగం దాన్ని గ్రహణంగా లెక్కపెట్టదు. అసలు నీడ తగిలిన క్షణమే పట్టు. పొరపాటు పట్టుకోవడం తేలిక: పట్టు నుంచి విడుపు దాకా మొత్తం కూడండి. చంద్రగ్రహణంలో అసలు నీడ భాగం నాలుగు గంటలు దాటదు. ఆరు గంటలు వచ్చిందంటే ఉపచ్ఛాయ కలిసిపోయినట్టే.

విడుపు తర్వాతి సంగతి కూడా రాయాలి. తిరుమలలో విడుపు 1:31కి అయినా, తలుపులు తీసింది మూడింటికి, భక్తుల్ని పంపింది ఆరింటికి. ఆ మధ్యలో శుద్ధి, పుణ్యాహవచనం, ఆ తర్వాత నిత్య కైంకర్యాలు. మన గుళ్ళో ఉండేది ఒకరో ఇద్దరో అర్చకులు. 3:47కి విడిస్తే, స్నానం చేసి, గర్భగుడి కడిగి, పుణ్యాహజలం చల్లి, నైవేద్యం పెట్టేసరికి తెల్లవారుతుంది. మామూలుగా తొమ్మిదింటికి తెరిచే గుడి తొమ్మిదింటికే తెరవచ్చు. "శుక్రవారం దర్శనం యథావిధిగా" అని స్పష్టంగా రాయకపోతే మాత్రం ఆఫీసుకి ఫోన్లు ఆగవు.

పిల్లలకీ, ముసలివాళ్ళకీ, జబ్బుపడ్డవాళ్ళకీ భోజన నియమంలో మినహాయింపు ఉంది. ఆ ఒక్క వాక్యం ఎందుకో మన నోటీసుల్లో ఎప్పుడూ కనపడదు. షుగర్ మాత్రలు వేసుకునే పెద్దాయన ఇంట్లో కూర్చుని ఎదురుచూసేది ఆ వాక్యం కోసమే.

శ్రీకాళహస్తి గ్రహణం రోజు కూడా తెరిచే ఉంటుంది కదా, మనమెందుకు మూయాలి అని అడిగేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. అది రాహుకేతు క్షేత్రం, అక్కడ గ్రహణకాలంలో అభిషేకమే చేస్తారు. దాని ఆచారం దానిది. సాయంత్రం ఏడింటి అర్చనకి డబ్బు కట్టినవాళ్ళ ప్రశ్న అంతకంటే ముఖ్యం: వాళ్ళ అర్చన ఐదింటికి జరుగుతుందా, శుక్రవారానికి మారుతుందా? దానికి జవాబు కూడా నోటీసులోనే ఉండాలి, అదీ కనీసం వారం ముందు.