అమ్మ అడిగేది తెలుగులో.. అబ్బాయి జవాబు ఇంగ్లిషులో!

బంటుమిల్లి, పెడన, గుడివాడ వైపు ఏ ఊళ్లో అడిగినా అమెరికాలో ఉన్న బంధువు ఒకరైనా తేలతారు. మీలోనూ ఎంఎస్‌ ప్రయత్నాల్లో ఉన్నవాళ్లు ఉండే ఉంటారు. ఉద్యోగం, వీసా గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. అక్కడ పెరిగే పిల్లల్లో కొందరు టీనేజీకి వచ్చేసరికి కౌన్సెలర్‌ దగ్గరికి ఎందుకు వెళ్లాల్సి వస్తోందన్నది మాత్రం పెద్దగా మాట్లాడుకోం. మీరు విదేశాలకు వెళ్లాలనుకున్నా, సైకాలజీని కెరియర్‌గా తీసుకోవాలనుకున్నా ఇది తెలుసుకోవాల్సిన విషయమే.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రిది బంటుమిల్లి, డాలస్‌లో హెచ్‌1బీ ఉద్యోగం. కొడుకు నాలుగేళ్లప్పుడు వెళ్లాడు, ఇప్పుడు పదిహేనేళ్లు. మార్కులు తగ్గాయి, గది తలుపు వేసుకుంటున్నాడు. ఊరి నుంచి నాయనమ్మ వీడియో కాల్‌ చేస్తే ‘బాగున్నా, తిన్నా’ అని ఫోన్‌ అమ్మకి ఇచ్చేస్తాడు. ‘ఇంత కష్టపడేది ఎవరి కోసంరా?’ అని తండ్రి అంటాడు. ‘వీళ్లకి నా మార్కులు తప్ప ఏం అక్కర్లేదు’ అన్నది కొడుకు మాట.

మొదట భాష సంగతి చూద్దాం. ఆ అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటమే రాదు. అందుకే అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లిషులో చెబుతాడు. అమెరికా పరిశోధకురాలు లిలీ వాంగ్‌ ఫిల్మోర్‌ వలస కుటుంబాలపై చేసిన అధ్యయనాన్ని 1991లో ప్రచురించారు. చిన్న వయసులోనే పూర్తిగా ఇంగ్లిషు బడిలో పడిన పిల్లలు ఇంటి భాషను త్వరగా వదిలేస్తున్నారని అందులో తేలింది. దానివల్ల పోయేది పద్యాలు, సామెతలు మాత్రమే కాదు. భయం, బాధ, సిగ్గు లాంటివి తల్లిదండ్రులతో చెప్పుకునే మాటలు కూడా పోతాయి. మిగిలేది ‘తిన్నావా, చదివావా’ వరకే.

రెండోది, ఒత్తిడి వెనక ఉన్న భయం. హెచ్‌1బీ ఉద్యోగి పిల్లలకు వచ్చే హెచ్‌4 హోదా 21 ఏళ్లకు ముగుస్తుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయుల వరస ఏళ్ల తరబడి సాగుతోంది. అంటే ఈ అబ్బాయి తాను పెరిగిన దేశంలో ఉండటానికే రేపు స్టూడెంట్‌ వీసా తెచ్చుకోవాల్సి రావచ్చు. తండ్రికి ఈ దిగులు ఉంది, కొడుక్కి ఎప్పుడూ చెప్పలేదు. కొడుక్కి వినపడేది ‘చదువు, చదువు’ అన్న మాటే.

ఇక్కడ కౌన్సెలర్‌ ఏం చేస్తారు? మయామీలో క్యూబా నుంచి వచ్చిన కుటుంబాలతో పనిచేసిన జోసే సపోచ్నిక్‌ బృందం 1980లలో ఒక పద్ధతిని తయారుచేసింది. పిల్లలు కొత్త దేశపు తీరుకు వేగంగా అలవాటుపడతారు, పెద్దలు నెమ్మదిగా. ఆ తేడాయే గొడవగా మారుతుంది. కాబట్టి తప్పు అబ్బాయిదీ కాదు, నాన్నదీ కాదు, రెండు సంస్కృతుల మధ్య లాగులాట అసలు సమస్య అని కౌన్సెలర్‌ ముందు పెడతారు. అప్పుడు ఇద్దరూ ఒకే వైపు కూర్చుని దాన్ని చూడగలుగుతారు. ఇదేం మంత్రం కాదు. మామూలు ఫ్యామిలీ థెరపీతో పోల్చి చూస్తే ఫలితాలు దాదాపు సమానంగానే వచ్చాయి.

మన డాలస్‌ కుటుంబం విషయంలో ముందు అబ్బాయితో విడిగా మాట్లాడాలి. తను చెప్పింది ఇంట్లో చెప్పరని, ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం చెప్పక తప్పదని మొదటి రోజే స్పష్టం చేయాలి. తల్లిదండ్రుల మాటలకు అబ్బాయిని అనువాదకుడిగా వాడకూడదు. తర్వాత అందర్నీ కూర్చోబెట్టి, వీసా సంగతి తండ్రి నోటితోనే చెప్పించాలి. ఇంటికి ఇచ్చే పని చిన్నదే. రోజూ పది నిమిషాలు అమ్మతో వంటింట్లో తెలుగులో మాట్లాడటం. తప్పులు దిద్దకూడదు, నవ్వకూడదు. నవ్వితే పిల్లాడు మళ్లీ నోరు విప్పడు.

ఇది దారి తప్పేదీ ఇక్కడే. కౌన్సెలర్‌ ‘మీ అబ్బాయి స్వేచ్ఛ’ అంటూ ఒకవైపే మాట్లాడితే తల్లిదండ్రులు రావడం మానేస్తారు. తెలుగు కౌన్సెలర్‌ అయితే పెద్దల పక్షం చేరిపోయే ప్రమాదం ఉంది. అబ్బాయి ప్రతిదానికీ ‘ఫైన్‌’ అని ఊరుకుంటున్నాడంటే నమ్మకం పోయినట్టే. రెండు వారాలు దాటి నిద్ర, తిండి తగ్గి, ఇష్టమైన ఆటమీదా ఆసక్తి పోతే దాన్ని సంస్కృతి గొడవగా తీసిపారేయకూడదు, సైకియాట్రిస్టుకు చూపించాలి. చనిపోవాలని ఉందని అంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఈ రంగంలోకి రావాలంటే తెలుగు రావడం బలమే కానీ, అదొక్కటే చాలదు. అమెరికాలో ఏ రాష్ట్రంలో క్లయింట్‌ ఉంటే సాధారణంగా ఆ రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. దానికి కనీసం మాస్టర్స్‌, పర్యవేక్షణలో ప్రాక్టీసు అడుగుతారు. మచిలీపట్నంలో కూర్చుని ఆన్‌లైన్‌లో డాలస్‌ పిల్లలకు థెరపీ చేస్తామంటే కుదరదు. మన దేశంలో క్లినికల్‌ సైకాలజిస్టుగా పనిచేయాలంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేసి, అక్కడ నమోదు కావాలి. కోర్సులో చేరే ముందు ఆ గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ జాబితాలో చూసుకోండి.