వాపసు మాట స్పష్టంగా రాయండి

భివండీలో పవర్‌లూమ్ నడిపే మన పద్మశాలీ ఇళ్లలో ఒకరు 900 రూపాయల చీరను ఆన్‌లైన్‌లో అమ్మారనుకుందాం. దగ్గరలోని మాన్కోలి గోదాముల్లోంచి పెద్ద కంపెనీల సరుకు వాపసు షరతులతో సహా వెళ్తుంది. మనవాళ్ల బిల్లు మీద మాత్రం ఇంకా ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే పాత వాక్యమే. చీరలో పోగు తెగి ఉంటే ఆ వాక్యం చెల్లదు. లోపమున్న సరుకును, చూపించినదానికి భిన్నమైన సరుకును వెనక్కి తీసుకోనంటే కుదరదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వాపసు కొరియర్ ఖర్చు ఎవరిదో కూడా ముందే చెప్పాలి. బిల్లులో గడువు రాయకపోతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం 30 రోజులు లెక్కలోకి వస్తాయి. కనుక ఇలా రాయాలి: ‘చీర చేరిన నాటి నుంచి 7 రోజుల్లో ఫోటోతో మాకు చెప్పండి. తప్పు మాదైతే రానుపోను ఖర్చు మాదే. రంగు నచ్చక పంపితే వాపసు కొరియర్ మీది. అలా పంపే చీరకు ఫాల్ కుట్టకూడదు, ఉతకకూడదు, ట్యాగ్ ఉండాలి.’ గడువు లెక్క మనం పంపిన రోజు నుంచి కాదు, చేరిన రోజు నుంచి. తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. ఫాల్ కుట్టాక నేత లోపం బయటపడితే షరతు చూపించి తప్పించుకోవద్దు, డబ్బు తిరిగిచ్చేయండి.