ముందు మంచు, తర్వాత మందు



మా మదరసాకు సాయంత్రం చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో ఏడేళ్ల బాలుడొకడు మూడు రోజులుగా ఒకే చోట కూర్చోవడం మేము గమనించాము. పాఠం అప్పజెప్పడానికి పిలిస్తే లేవడు. పక్కవాడు జరగమంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నాలుగో రోజు మేమే వెళ్లి అతని పక్కన కూర్చున్నాము. కాసేపటికి మోకాలు మెల్లగా పక్కకు జరిపాడు. తివాచీ మీద రూపాయి బిళ్లంత చూయింగ్‌గమ్ అణగారి, దుమ్ము పట్టి, నల్లబడి ఉంది. అతని తెల్ల పైజామా మోకాలికి కూడా అదే అంటింది.

పిల్లవాడు అంతగా భయపడటానికి కారణం మేమే. రెండేళ్ల క్రితం అదే గదిలో, అదే తివాచీ మీద ఇలాంటి మచ్చే పడింది. ఒక పెద్దాయన తన దివంగత సతీమణి పేరిట కొని ఇచ్చిన తివాచీ అది. వేడికి గమ్ కరుగుతుందని ఎవరో చెప్పగా విని, మేము దాని మీద కాగితం వేసి ఇస్త్రీపెట్టె పెట్టాము. గమ్ కరిగి కాగితానికి కొంతే అంటింది, మిగిలినదంతా పోగుల మొదళ్లలోకి దిగిపోయింది. తివాచీ పోగులు కూడా కరిగి, గట్టిగా, అద్దంలా మెరిసే మచ్చ మిగిలింది. ఆ కంగారులో కిరోసిన్ పోసి రుద్దాము. వాసన వారాల తరబడి పోలేదు. తర్వాత ఊడ్చినప్పుడల్లా అక్కడి పోగులు గుప్పెడు గుప్పెడుగా ఊడి వచ్చాయి. ఇప్పుడు ఆ చోటు మీద చిన్న చాప కప్పి ఉంటుంది. ఆ పెద్దాయన రోజూ వస్తారు, చాప వైపు ఒకసారి చూస్తారు, ఏమీ అనరు. ఆ నాడు మేము కోపంగా అన్న మాటలు మాత్రం పిల్లలందరికీ గుర్తున్నాయి.

ఇలాంటి మచ్చ ఏ ఇంట్లోనైనా పడవచ్చు. అందువల్ల అప్పుడు మేము చేసిన పొరపాటేమిటో, ఈసారి చేసినదేమిటో ఈ నెల వివరంగా చెప్పదలిచాము.

చూయింగ్‌గమ్‌లోని చక్కెర, వాసన నోటిలోనే కరిగిపోతాయి. మిగిలేది రబ్బరు, జిగురు లాంటి పదార్థాల ముద్ద. అది నీటిలో కరగదు, కాబట్టి ఎంత కడిగినా పోదు. మన ఒంటి వేడికే మెత్తబడి సాగుతుంది. వేడి చేసిన కొద్దీ పలుచనై పోగుల మధ్యకు దిగుతుంది. ఆ బాలుడు మూడు రోజులు దాని మీద కూర్చోవడం వల్ల తనకు తెలియకుండానే దాన్ని ఇంకా లోపలికి అదిమాడు. బాగా చల్లబరిస్తే మాత్రం అదే ముద్ద గాజులా పెళుసవుతుంది, పట్టు వదులుతుంది. అందుకే ముద్దను మంచుతో తీయాలి. ముద్ద పోయాక మిగిలే పలుచని పొరకే స్పిరిట్ వంటి ద్రావకం వాడాలి. ముద్ద ఉండగానే ద్రావకం పోస్తే అది ముద్దను జావలా మార్చి, జానెడు మేర పులుముతుంది.

ముందుగా తివాచీ సంగతి. మంచుగడ్డ ఒక్కటే కొన్ని రకాల గమ్‌లను పూర్తిగా పెళుసు చేయలేదు. కుల్ఫీ చేసేవారు మంచులో ఉప్పు కలపడం మీరు చూసే ఉంటారు. ఉప్పు కలిసిన మంచు మామూలు మంచు కంటే చాలా చల్లగా ఉంటుంది. మేము మూడు గ్లాసుల మంచు ముక్కలు దంచి, ఒక గ్లాసు ఉప్పు కలిపి, ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు పాలిథిన్ సంచుల్లో పోసి మూతి బిగించాము. తివాచీ తడవకుండా, ఉప్పునీరు కారకుండా ఉండటానికే రెండు సంచులు. దాన్ని గమ్ మీద ఇరవై నిమిషాలు ఉంచాము. ఈ సంచిని వట్టి చేత్తో పట్టుకోకూడదు, చర్మం కందుతుంది. మందపాటి గుడ్డ చుట్టుకోవాలి.

తగినంత చల్లబడిందో లేదో గోటితో నొక్కి తెలుసుకోవచ్చు. గోరు దిగితే ఇంకా సమయం కావాలి. గోరు దిగకుండా, చెంచాతో తట్టినప్పుడు టక్కుమంటే సిద్ధమైనట్టే. అప్పుడు స్టీలు చెంచా మొండి అంచుతో ముద్ద అంచు నుంచి నడుమకు చిన్న చిన్న పెళ్లలుగా విరగ్గొట్టాలి. కత్తి వాడితే పోగులు తెగుతాయి. చేత్తో లాగితే పోగులు ఊడుతాయి. పెళ్లలు పడినవి పడినట్టే ఏరి కాగితంలో వేయాలి. అవి వెచ్చబడితే ఇంకొక చోట అంటుకుంటాయి. రెండు మూడు నిమిషాల్లో గమ్ మళ్లీ దారంలా సాగడం మొదలవుతుంది. అప్పుడు చేయి ఆపి, మళ్లీ మంచు పెట్టాలి. మాకు ఇలా నాలుగు విడతలు పట్టింది. చివరకు ముద్ద అంతా పోయి, తాకితే కొద్దిగా అంటే బూడిద రంగు పొర మిగిలింది.

ఆ పొరకు మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్ తెచ్చాము. ముందు పుస్తకాల బీరువా కింద ఎవరికీ కనబడని మూలలో, స్పిరిట్‌తో తడిపిన తెల్లగుడ్డను అద్ది చూశాము. గుడ్డకు తివాచీ రంగు అంటలేదు. అంటి ఉంటే అక్కడితో ఆపవలసిందే. తర్వాత స్పిరిట్‌ను గుడ్డ మీద పోసుకున్నాము గాని తివాచీ మీద పోయలేదు. ఈ రకం తివాచీల అడుగున పోగులను పట్టి ఉంచేది ఒక జిగురు పొర. ద్రావకం అక్కడిదాకా దిగితే ఆ జిగురు దెబ్బతింటుంది. రెండేళ్ల క్రితం పోగులు ఊడింది అందువల్లనే. గుడ్డతో అంచు నుంచి నడుమకు అద్దుతూ ఉంటే గమ్ పొర జిగట కోల్పోయి, చిన్న ఉండలుగా గుడ్డకు వస్తుంది. గుడ్డ మురికైన ప్రతిసారీ శుభ్రమైన భాగానికి మార్చాలి. మొత్తం మీద మాకు మూడు చెంచాలకు మించి పట్టలేదు.

ఇంకా మిగిలిన జిగటకు నీలగిరి తైలం నాలుగు చుక్కలు దూదికి అంటించి అద్దాము. చాలామంది కొబ్బరి నూనె రాయమంటారు. చేతికో కాలికో అంటిన గమ్‌కు అది మంచిదే. చర్మం మీద గమ్ ఉంటే వుజూ నీరు అక్కడికి చేరదు గనుక నూనె రాసి తీసేయడమే సులువు. తివాచీకి మాత్రం అది తగదు. కొబ్బరి నూనె ఆరిపోదు, దుమ్మును పట్టి మళ్లీ నల్ల మచ్చ చేస్తుంది. చివరగా ఒక గ్లాసు నీటిలో అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి గుడ్డతో అద్ది, వట్టి నీటితో తడిపి పిండిన గుడ్డతో మూడుసార్లు తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద ఆరనిచ్చాము. సబ్బు మిగిలినా దుమ్ము పడుతుంది. వారం తర్వాత చూసినప్పుడు అక్కడ మచ్చ కనబడలేదు.

పైజామా పని ఇంతకంటే తేలిక. గమ్ పైకి ఉండేటట్లు మడిచి, సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో రెండు గంటలు ఉంచాము. బయటకు తీసిన వెంటనే చెంచాతో గీకితే చాలావరకు పెళ్లలుగా రాలింది. మిగిలిన దానికి బట్ట వెనుక వైపు నుంచి స్పిరిట్ అద్ది, సబ్బుతో ఉతికించాము. మచ్చ పూర్తిగా పోకముందు వేడినీళ్లు, ఇస్త్రీ తగలనీయరాదు. పట్టుచీరలు, జరీ దుపట్టాలు, రేయాన్ బట్టల మీద మాత్రం ఇంట్లో ద్రావకం ప్రయోగించకండి. మంచుతో వచ్చినంత తీసి, మిగిలినది డ్రైక్లీనింగ్ వారికి అప్పగించండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం కొన్ని కృత్రిమ బట్టలను కరిగించేస్తుంది.

ఇంతకూ గమ్ ఎక్కడినుంచి వచ్చింది? బాలుడి చెప్పులు తిరగేసి చూస్తే తెలిసింది. అడుగున గాడుల్లో గమ్ కూరుకుని ఉంది. దారిలో ఎవరో ఉమ్మిన దాన్ని తొక్కాడు. చెప్పులు చేతబట్టి మెట్లెక్కుతుండగా అడుగు మోకాలికి ఆనింది. మోకాలి నుంచి తివాచీకి చేరింది. పిల్లవాడు అసలు గమ్ నమలనే లేదు.

ఆ చెప్పు అడుగుకు ఒక పాలిథిన్ కాగితం గట్టిగా అదిమి, సంచిలో చుట్టి, అదే మంచు అరలో రెండు గంటలు ఉంచాము. తీసి కాగితం లాగితే ముద్దలో ఎక్కువ భాగం దానితోపాటే వచ్చింది. గాడుల్లోది పుల్లతో పొడిచి, పాత టూత్‌బ్రష్‌తో స్పిరిట్ రుద్దితే పోయింది. చెప్పులకు పెట్రోలు, థిన్నర్ వాడకూడదు. రబ్బరు ఉబ్బుతుంది, అడుగును అతికించిన జిగురు వదులుతుంది. పెట్రోలు ఆవిరి దూరాన ఉన్న పొయ్యి మంటనైనా అందుకుంటుంది. స్పిరిట్, నీలగిరి తైలం కూడా మండేవే. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, పిల్లలను దూరంగా ఉంచి పని చేయండి.

నమాజు చేసే చోట స్పిరిట్ వాడవచ్చునా అని కొందరు అడుగుతారు. ద్రాక్ష, ఖర్జూరాల నుంచి తీయని స్పిరిట్‌ను అపవిత్రంగా పరిగణించనవసరం లేదని నేటి హనఫీ ఉలమాలలో అనేకుల అభిప్రాయం. మనసు ఒప్పనివారు నీలగిరి తైలంతోనే పని ముగించవచ్చు. కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే.

తివాచీ ఆరిన మరునాడు ఆ పెద్దాయనను పిలిచి, ఆ చోటు ఎక్కడో చూపమన్నాము. చేత్తో తడిమి చూశారు, పోల్చుకోలేకపోయారు. పక్కనే నిలబడ్డ బాలుడు తానే వేలు పెట్టి చూపాడు. మా చేతితో చెడగొట్టిన పాత మచ్చ మీద చాప అలాగే ఉంది.