ముఖమే సాక్ష్యమా?

ఏ ఓటరునైనా అడగండి: అభ్యర్థి ముఖం చూసి ఓటు వేశానని ఒప్పుకోడు. జ్యూరీ సభ్యుడూ అంతే. అతని దృష్టిలో తీర్పుకు ఆధారం సాక్ష్యమే. ఈ ఇద్దరూ అబద్ధమాడడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ టోడొరోవ్, ఆయన సహచరులు 2005లో ఒక పరిశోధన ప్రకటించారు. సెనేట్ ఎన్నికలలో తలపడిన ఇద్దరేసి అభ్యర్థుల ఫొటోలను జంటగా చూపి, ‘వీరిలో సమర్థుడెవరు?’ అని అడిగారు. చూసినవారికి ఆ పేర్లు తెలియవు, పార్టీలు తెలియవు. తెలిసిన ముఖం తటస్థపడితే ఆ జవాబును లెక్కలోంచి తీసేశారు. ఒక విడతలో ఫొటోలను ఒక్క సెకను మాత్రమే చూపారు. మొత్తంమీద ఎక్కువమంది సమర్థుడన్న అభ్యర్థి నూటికి 70కి పైగా పోటీలలో నిజంగా గెలిచినవాడే!

దీనివల్ల ముఖమే గెలిపించిందని తేలదు. గెలుపు ఖాయమైన చోట పార్టీలు చూడచక్కని అభ్యర్థిని నిలిపి ఉండవచ్చు. కాని 2011లో లెంజ్, లాసన్ అనే పరిశోధకులు మరొక సంగతి గమనించారు. ముఖప్రభావం ఓటర్లందరిపై ఒకే తీరుగా లేదు. రాజకీయాలు అంతగా తెలియక, టెలివిజన్ ఎక్కువగా చూసేవారిపైనే అది బలంగా ఉంది.

న్యాయస్థానంలో పందెం ప్రాణమే. జాన్ పాల్ విల్సన్, నికొలస్ రూల్ 2015లో ఫ్లోరిడా రాష్ట్రపు హంతకుల ఫొటోలను పరిశీలించారు. జ్యూరీ సిఫారసు, న్యాయమూర్తి నిర్ణయం కలిసి అక్కడ శిక్షను తేల్చేవి. ఫొటోలు చూసినవారికి శిక్షల సంగతి చెప్పకుండా, ఏ ముఖం ఎంత నమ్మదగినదిగా ఉందో మార్కులు వేయమన్నారు. మరణశిక్ష పడినవారికి, యావజ్జీవ శిక్ష పడినవారికన్నా తక్కువ మార్కులు వచ్చాయి.

బహుశా ఆ ముఖాలలో క్రూరత్వం నిజంగానే కనిపిస్తున్నదేమో? ఈ సందేహం తీర్చడానికి వారు, శిక్ష పడిన తరువాత నిర్దోషులని రుజువై విడుదలైనవారి ఫొటోలు తీసుకున్నారు. ఫలితం మారలేదు. నేరమే చేయనివారిలో సైతం, నమ్మదగనట్టు కనిపించిన ముఖాలవైపే మరణశిక్ష మొగ్గింది.

ఇంతటి పక్షపాతం మనసుకు ఎందుకు తెలియదు? ముఖంపై అభిప్రాయం క్షణంలో పదోవంతులోనే ఏర్పడుతుంది. అంత త్వరగా వచ్చినది మన ఊహగా కాక, ఎదుట కనిపిస్తున్న నిజంగానే తోస్తుంది. పక్కవారికీ అలాగే తోచడంతో నమ్మకం గట్టిపడుతుంది. ఆ తరువాత సాక్ష్యంలోంచి కారణాలు వెదకడం కష్టం కాదు. ప్రతి వ్యాజ్యంలోనూ రెండు వైపులా ఏవో కారణాలుంటాయి.

అందువల్ల ఏ ఒక్క తీర్పును పరీక్షించినా ఈ దోషం బయటపడదు. వందల తీర్పులను పక్కపక్కన పేర్చినప్పుడే దాని జాడ తెలుస్తుంది. జ్యూరీ సభ్యుని ముందు మాత్రం ఎప్పుడూ ఒకే ముద్దాయి, ఒకే ముఖం.